‘ఎక్కువమంది’ని లాజిక్‌లోకి దించడం ఎందుకు కుదరదు

ఒక ఊరు అనుకుందాం. జనాభా 1000. పదో తరగతిలో 10 మంది పిల్లలు. ఊళ్లో సైకిళ్లు ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఈ పదిమందిలోనే ఉన్నారు, మిగతా 990 మందిలో ఎవరికీ లేవు. ఈ ఊరి గురించి మూడు వాక్యాలు చూద్దాం.

పిల్లలందరికీ సైకిల్ ఉంది.
పిల్లల్లో కొందరికి సైకిల్ ఉంది.
పిల్లల్లో ఎక్కువమందికి సైకిల్ ఉంది.

వినడానికి మూడూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఎవరి గురించి మాట్లాడుతున్నామో మొదట వస్తుంది, ఎంతమంది అన్నది తర్వాత, వాళ్లకు ఏముందో చివర్న. ఈ పోలికను నమ్మి మొదటి రెండింటినీ గుర్తులతో రాసే ఫస్ట్-ఆర్డర్ లాజిక్‌లోకి మార్చినట్టే మూడోదాన్నీ మార్చేయొచ్చని అనిపిస్తుంది. మార్చలేం. మార్చలేకపోవడానికి కారణాలు కూడా రెండు, ఒకటి కాదు. ఈ రెంటినీ కలిపేసి ‘మోస్ట్ అనేది ఫస్ట్-ఆర్డర్ కాదు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం పాఠాల్లో తరచూ జరుగుతుంది. విడదీసి చూస్తేనే విషయం అర్థమవుతుంది.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. ఇంగ్లిష్ ‘మోస్ట్’కు తెలుగులో ‘చాలామంది’ అని రాసేస్తుంటారు. ఆ రెండూ ఒకటి కావు. ‘పిల్లల్లో చాలామందికి సైకిల్ ఉంది, చాలామందికి లేదు’ అంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు. పెద్ద బడిలో 300 మందికి ఉండి, 400 మందికి లేకపోతే ఆ మాట నిజమే. ‘పిల్లల్లో ఎక్కువమందికి సైకిల్ ఉంది, ఎక్కువమందికి లేదు’ అంటే మాత్రం ‘అదెలా?’ అని వెంటనే ఆపుతారు. ఒక గుంపులో సగం దాటిన భాగాలు రెండు విడివిడిగా ఉండలేవు. కాబట్టి ఇక్కడ మనకు కావలసింది ‘ఎక్కువమంది’. దాని అర్థం సైకిల్ ఉన్న పిల్లల సంఖ్య, లేని పిల్లల సంఖ్య కంటే పెద్దదని. ‘ఎక్కువ’ అన్న మాటలోనే పోలిక ఉంది. ‘పిల్లల్లో’ అన్న ‘-లో’ ఆ పోలిక ఏ గుంపు లోపల జరగాలో గిరిగీసి చెబుతోంది. ఈ గిరి సంగతి గుర్తుంచుకోవాలి, మొదటి చిక్కు అక్కడే మొదలవుతుంది.

P అంటే పదో తరగతి పిల్లలు, C అంటే సైకిల్ ఉన్నవాళ్లు. గాట్లోబ్ ఫ్రేగె 1879లో వేసిన దారిలో మొదటి రెండు వాక్యాలూ ఇలా అవుతాయి:

```
∀x (P(x) → C(x))
∃x (P(x) ∧ C(x))
```

మొదటిది ‘ఊళ్లో ఎవర్ని తీసుకున్నా, ఆ మనిషి పిల్లల్లో ఒకరైతే సైకిల్ ఉంటుంది’ అంటోంది. రెండోది ‘పిల్లల్లో ఒకరై ఉండి, సైకిల్ కూడా ఉన్న మనిషి ఊళ్లో ఉన్నారు’ అంటోంది. ఇక్కడ గమనించాల్సింది, చరరాశి x పిల్లల మీద కాక మొత్తం ఊరి మీద తిరుగుతోంది. ‘పిల్లల్లో’ అనే గిరిని లాజిక్ గీయలేదు. దాని బదులు ఒక బాణమో (→) ఒక ‘మరియు’నో (∧) పెట్టి పని జరుపుకుంది.

ఆ పని ఎలా జరిగిందో చూడాలి. ∀ వాక్యం తప్పాలంటే ఒక్క తప్పు మనిషి దొరకాలి. బాణం వల్ల పిల్లలు కాని 990 మందీ ఊరికే ‘నిజం’ ఖాతాలో పడతారు, కాబట్టి వాళ్లు ఎలాగూ తప్పించరు. ∃ వాక్యం నెగ్గాలంటే ఒక్క సరైన మనిషి దొరకాలి. ∧ వల్ల ఆ 990 మందీ ‘అబద్ధం’ ఖాతాలో పడతారు, కాబట్టి వాళ్లు ఎలాగూ నెగ్గించరు. అంటే సంబంధం లేని జనాన్ని ఏ ఖాతాలో వేస్తే హాని లేదో ఆ ఖాతాలో వేశాం. అందుకే ఒకచోట బాణం, ఇంకోచోట ‘మరియు’.

ఇప్పుడు ‘ఎక్కువమంది’ కోసం ఒక కొత్త గుర్తు తెచ్చుకుందాం. Mx φ(x) అంటే ‘ఊళ్లో సగం మందికి పైగా φ నిజం’. ఇలా ∀, ∃ లాంటి గుర్తులకు, అంటే క్వాంటిఫయర్లకు, తోడుగా మరికొన్నింటిని లాజిక్‌కు జోడించడం కొత్త సంగతి కాదు, ఆంద్రేయ్ మొస్టోవ్‌స్కీ 1957లోనే దాన్ని పద్ధతిగా చేశారు. ఈ M చేతిలో ఉంటే మూడో వాక్యం వచ్చేస్తుందా?

బాణంతో చూద్దాం: Mx(P(x) → C(x)). పదిమంది పిల్లల్లో ముగ్గురికే సైకిల్ ఉందనుకోండి. మన వాక్యం అబద్ధం కావాలి. కానీ పిల్లలు కాని 990 మందీ బాణం పుణ్యాన ‘నిజం’లో చేరారు, ముగ్గురు పిల్లలు కలిశారు, 1000లో 993. ఫార్ములా నిజమైపోయింది. ‘మరియు’తో చూద్దాం: Mx(P(x) ∧ C(x)). పదిమందిలో తొమ్మిదిమందికి సైకిల్ ఉందనుకోండి. వాక్యం నిజం కావాలి. ఫార్ములా మాత్రం 1000లో 9 చూసి అబద్ధం అంటుంది.

ఇంకేదైనా తెలివైన కలయిక ఉందేమోనన్న అనుమానం రావడం సహజం. P, C రెండింటితో ఊరు నాలుగు వాడలుగా విడిపోతుంది. సైకిల్ ఉన్న పిల్లలు, లేని పిల్లలు, సైకిల్ ఉన్న ఇతరులు, లేని ఇతరులు. మరియు, లేదా, కాదు, బాణం వీటిని ఎన్నిరకాలుగా కలిపినా చివరికి జరిగేది ఈ నాలుగు వాడల్లో కొన్నింటిని ఎంచుకోవడమే. ఎంపికలు మొత్తం 16. మన ఊళ్లో నాలుగో వాడలోనే 990 మంది ఉన్నారు. ఆ వాడను ఎంచుకుంటే లెక్క 990కి తగ్గదు, M ఎప్పుడూ నిజం. ఎంచుకోకపోతే లెక్క 10 దాటదు, M ఎప్పుడూ అబద్ధం. ఏ దారిన వెళ్లినా పిల్లల్లో ముగ్గురికి సైకిల్ ఉందా, తొమ్మిదిమందికి ఉందా అన్నది ఫలితాన్ని తాకదు. 16కు 16 పోయాయి. ‘అందరూ’, ‘కొందరు’ విషయంలో సంబంధం లేని జనాన్ని హాని లేని ఖాతాలో పడేసినట్టు ఇక్కడ పడేయలేం. లెక్కలో ప్రతి తల బరువే కాబట్టి వాళ్లను ఎటు పడేసినా హాని ఉంది.

ఇది ఆకారానికి సంబంధించిన చిక్కు. M అనే గుర్తుకు ఒకే గది ఉంది, ‘ఎక్కువమంది’కి రెండు గదులు కావాలి. ఎవరిలో అన్నదానికి ఒకటి, ఏమిటి అన్నదానికి ఒకటి. జాన్ బార్వైజ్, రాబిన్ కూపర్ 1981లో రాసిన వ్యాసం ఇంకా గట్టి మాటే రుజువు చేసింది. ఒకే గది ఉన్న M ను పూర్తి ఫస్ట్-ఆర్డర్ లాజిక్‌కు కలిపి, ఎన్ని క్వాంటిఫయర్లనైనా ఒకదాని లోపల ఒకటి వాడుకోనిచ్చినా రెండు గదుల ‘ఎక్కువమంది’ని కట్టలేం.

రెండో చిక్కు వేరు. మొదటిదాన్ని పక్కకు తీసేసినా ఇది మిగులుతుంది. ఊరిని మరిచిపోదాం, లోకంలో పిల్లలు మాత్రమే ఉన్నారనుకుందాం. ఇప్పుడు గిరి అక్కర్లేదు. ‘సగం మందికి పైగా సైకిల్ ఉంది’ అన్న మాటను ∀, ∃, =, ∧, ∨, ¬, → వీటితోనే రాయగలమా?

తరగతిలో ఎంతమందో ముందే తెలిస్తే రాయొచ్చు. ఏడుగురున్న తరగతి అయితే ‘కనీసం నలుగురికి సైకిల్ ఉంది’ అంటే చాలు. నలుగురికి నాలుగు చరరాశులు, వాళ్లు వేర్వేరు మనుషులని చెప్పడానికి ఆరు ‘సమానం కాదు’లు:

```
∃x∃y∃z∃w ( x≠y ∧ x≠z ∧ x≠w ∧ y≠z ∧ y≠w ∧ z≠w
           ∧ C(x) ∧ C(y) ∧ C(z) ∧ C(w) )
```

ఇదే ఫార్ములాను తొమ్మిదిమంది ఉన్న తరగతికి తీసుకెళ్తే తప్పు చెబుతుంది. నలుగురికి ఉండి ఐదుగురికి లేకపోయినా నిజమే అంటుంది. తొమ్మిదికి ఇంకోటి, పదకొండుకు ఇంకోటి రాసుకుంటూ పోవాలి. అన్నింటినీ ‘లేదా’తో కలిపితే ఫార్ములాకు అంతం ఉండదు. ఫస్ట్-ఆర్డర్ ఫార్ములా ఎంత పొడవైనా ఉండొచ్చు కానీ ఎక్కడో ఒకచోట ఆగాలి. ‘ఎక్కువమంది’ అన్న మాట తెలిసిన మనిషి మాత్రం తరగతి మారినప్పుడల్లా కొత్త అర్థం నేర్చుకోవట్లేదు.

ఇంతవరకు చెప్పింది అనుమానమే. ఎవరికీ తట్టని చిన్న ఫార్ములా ఎక్కడో ఉందేమో కదా? లేదని తేల్చడానికి ఒక ఆట ఉంది. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరి పేర్లతో ఎహ్రెన్‌ఫాయిష్ట్-ఫ్రాయిసే ఆట అంటారు. రెండు తరగతులు పక్కపక్కన పెడతారు. ఎడమ తరగతిలో సైకిల్ ఉన్నవాళ్లు 3, లేనివాళ్లు 3. కుడి తరగతిలో ఉన్నవాళ్లు 4, లేనివాళ్లు 3. ఎడమవైపు ‘ఎక్కువమందికి సైకిల్ ఉంది’ అబద్ధం, కుడివైపు నిజం. ఇద్దరు ఆడతారు. ఒకరు ఈ రెండు తరగతులూ వేరని నిరూపించాలనుకుంటారు, ఇంకొకరు ఒకటేనని నిలబెట్టాలనుకుంటారు. ప్రతి విడతలో మొదటివారు ఏదో ఒక తరగతి నుంచి ఒక పిల్లనో పిల్లవాడినో చూపిస్తారు. రెండోవారు అవతలి తరగతి నుంచి జోడీని చూపించాలి. ఇటు సైకిల్ ఉంటే అటూ ఉండాలి, ఇటు పాతవాళ్లనే మళ్లీ చూపిస్తే అటూ పాత జోడీనే చూపించాలి, కొత్తవాళ్లయితే కొత్తవాళ్లనే.

మూడు విడతలు ఆడదాం. మొదటివారు కుడివైపు సైకిల్ ఉన్న ఒకరిని చూపిస్తారు, రెండోవారు ఎడమవైపు సైకిల్ ఉన్న ఒకరిని. మళ్లీ అదే, మూడోసారీ అదే. ఎడమవైపు సైకిల్ ఉన్న ముగ్గురూ అయిపోయారు, కానీ విడతలూ అయిపోయాయి. సైకిల్ లేనివాళ్లను చూపించినా రెండువైపులా ముగ్గురేసి ఉన్నారు కాబట్టి జోడీకి లోటు లేదు. కలిపి ఆడినా అంతే. మూడు విడతల్లో ఈ రెండు తరగతుల మధ్య తేడా పట్టుకోవడం కుదరదు.

ఫార్ములాకూ ఆటకూ లంకె ఇక్కడుంది. ఫార్ములాలో ఒక క్వాంటిఫయర్ అంటే ఒక మనిషిని వేలుపెట్టి చూపించడం. క్వాంటిఫయర్లు ఒకదాని లోపల ఒకటి మూడు అంతస్తులు ఉంటే, మూడుసార్లు చూపించడం. మూడు విడతల ఆటలో విడదీయలేని తరగతులను మూడంతస్తుల ఫార్ములా కూడా విడదీయలేదు. రెండింటిమీదా ఒకే జవాబు చెబుతుంది. నాలుగో అంతస్తు వేస్తే ఇవి దొరుకుతాయి, ఎందుకంటే కుడివైపు నాలుగో సైకిల్‌కు ఎడమవైపు జోడీ ఉండదు. అప్పుడు తరగతులను పెంచుతాం. ఎడమవైపు 4, 4. కుడివైపు 5, 4. నాలుగంతస్తుల ఫార్ములా మళ్లీ గుడ్డిదవుతుంది. ఎవరైనా వచ్చి ‘ఇదిగో ఎక్కువమంది ఫార్ములా’ అంటే దాన్ని అర్థం చేసుకునే పని కూడా లేదు. అంతస్తులు లెక్కపెట్టాలి, k వచ్చిందనుకోండి, ఒకవైపు k, k పిల్లల్ని, ఇంకోవైపు k+1, k పిల్లల్ని పెట్టాలి. ఆ ఫార్ములా రెంటికీ ఒకటే చెబుతుంది, ‘ఎక్కువమంది’ మాత్రం ఒకచోట అబద్ధం, ఇంకోచోట నిజం. ఆ ఫార్ములా తప్పు.

ఈ ఫలితానికి ఉన్న హద్దు కూడా చెప్పుకోవాలి, తరచూ పొరపాటు జరిగేది అక్కడే. లోకంలో మనుషులతో పాటు సంఖ్యలూ సమితులూ కూడా వస్తువులుగా ఉంటే, సమితివాదాన్ని ఫస్ట్-ఆర్డర్‌లోనే రాసి, అందులో ‘ఎక్కువమంది’ని చెప్పేయొచ్చు. కుదరదన్నది మనుషులు, వాళ్లకున్న P, C అనే గుణాలు తప్ప చేతిలో ఇంకేమీ లేనప్పుడు. వాక్యం కూడా మనుషులూ సైకిళ్లూ తప్ప ఇంకేం ప్రస్తావించలేదు కదా. ఇలాంటి అవసరం డేటాబేస్ వాడేవాళ్లకు బాగా తెలిసిందే. రిలేషనల్ ఆల్జీబ్రా శక్తి ఫస్ట్-ఆర్డర్ లాజిక్‌తో సమానం, అందుకే SQLలో లెక్కపెట్టే పనికి COUNT, SUM అని విడిగా ఇవ్వాల్సి వచ్చింది:

```sql
SELECT SUM(CASE WHEN has_cycle THEN 1 ELSE -1 END) > 0
FROM pupils;
```

ఇక్కడ ‘ఎక్కువమంది’ అర్థం మొత్తం ఉంది. FROM తర్వాతున్నది గిరి, CASEలో ఉన్నది గుణం, SUM చేసేది పోలిక. యోహాన్ వాన్ బెంథెమ్ ఇదే తేడాను యంత్రాల భాషలో చూపించారు. పిల్లలు ఒక్కొక్కరే ముందు నుంచి నడిచిపోతుంటే ‘అందరూ’ను తేల్చే యంత్రానికి ‘ఇంకా ఎవరూ తప్పలేదు’, ‘ఒకరు తప్పారు’ అని రెండే స్థితులు చాలు. ‘ఎక్కువమంది’కి అలాంటి స్థితులు ఎన్ని పెట్టినా చాలవు. ఎంత తేడా వచ్చిందో గుర్తుంచుకోవడానికి ఎంతైనా పెరగగల జ్ఞాపకం కావాలి, గులకరాళ్లు వేస్తూ తీస్తూ పోయే బుట్టలాంటిది.

ఇక మొదటి చిక్కు దగ్గరకు తిరిగి రావాలి, ఎందుకంటే దానికి దొరికిన పరిష్కారం ‘అందరూ’, ‘కొందరు’ల గురించి కూడా మన ఆలోచన మార్చేసింది. కంపోజిషనల్ సెమాంటిక్స్ కోరేది ఒకటే. వాక్యం అర్థం దానిలోని ముక్కల అర్థాల నుంచి, ఆ ముక్కలు కలిసిన తీరు నుంచి రావాలి. ‘పిల్లలందరికీ’ అన్నది వాక్యంలో స్పష్టంగా ఒక ముక్క. ∀x(P(x) → C(x)) లో ఆ ముక్క ఎక్కడుంది? ∀ ఒక మూల, P ఇంకో మూల, మధ్యలో ఎవరూ పలకని ఒక బాణం. ‘కొందరికి’ అనగానే బాణం పోయి ∧ ఎందుకు వచ్చిందో వాక్యం చెప్పదు, అనువదించే మనిషి తెలివితో పెట్టారు.

1970ల మొదట్లో రిచర్డ్ మాంటెగ్యు దీనికి దారి చూపించారు. ‘పిల్లలందరూ’ అన్న ముక్కకు అర్థం ఏ మనిషీ కాదు, మనుషుల గుంపూ కాదు. అది సమితుల జాబితా. పిల్లలందరినీ తనలో కలుపుకున్న ప్రతి సమితీ ఆ జాబితాలో ఉంటుంది. ‘పిల్లలందరికీ సైకిల్ ఉంది’ అంటే సైకిల్ ఉన్నవాళ్ల సమితి ఆ జాబితాలో ఉందని. అప్పుడు ‘అందరూ’, ‘కొందరు’, ‘ఎక్కువమంది’ లాంటి డిటర్మినర్ పని తేలిపోతుంది. ఒక సమితి A ఇస్తే జాబితా ఇస్తుంది, ఆ జాబితాకు ఇంకో సమితి B ఇస్తే నిజమో అబద్ధమో చెబుతుంది. క్లుప్తంగా అది రెండు సమితుల మధ్య సంబంధం:

```
అందరూ      : A ⊆ B
కొందరు      : A ∩ B ≠ ∅
ఎక్కువమంది : |A ∩ B| > |A − B|
```

మన తరగతిలో దీన్ని నడిపి చూద్దాం. A అంటే ఆ పదిమంది. ‘పిల్లల్లో ఎక్కువమంది’ అన్న ముక్క అర్థం, ఆ పదిమందిలో కనీసం ఆరుగురున్న సమితులన్నీ. పదిమంది నుంచి తీయగల ఉపసమితులు 1024, వాటిలో ఆరుగురు గానీ అంతకు మించి గానీ ఉన్నవి 386. సైకిల్ ఉన్న ముగ్గురి సమితి ఈ 386లో లేదు, వాక్యం అబద్ధం. తొమ్మిదిమంది సమితి ఉంది, వాక్యం నిజం. ఊళ్లో మిగతా 990 మంది లెక్కలోకి రానే లేదు. గిరి గీయడం డిటర్మినర్ పనిలోనే భాగమైపోయింది. మూడు వాక్యాలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయన్న మొదటి అనుమానం నిజమే. కొత్తగా ఎక్కడా బాణం పెట్టక్కర్లేదు. పైగా ‘పిల్లల్లో ఎక్కువమందికీ, టీచర్లందరికీ సైకిల్ ఉంది’ అన్నా ఇబ్బంది లేదు, రెండు జాబితాల్లోనూ ఉన్న సమితులను తీసుకుంటే చాలు.

ఈ సంబంధాలకు ఉన్న ఒక లక్షణాన్ని భాషాశాస్త్రవేత్తలు చాలా భాషల్లో పరీక్షించారు. దాన్ని కన్సర్వేటివిటీ అంటారు. ‘పిల్లల్లో ఎక్కువమందికి సైకిల్ ఉంది’ అన్నా, ‘పిల్లల్లో ఎక్కువమంది, సైకిల్ ఉన్న పిల్లలు’ అన్నా ఒకటే. B లో A బయట ఉన్న భాగం పట్టించుకోనక్కర్లేదు. ‘అందరూ’, ‘కొందరు’, ‘ముగ్గురు’ అన్నీ ఈ పరీక్ష నెగ్గుతాయి. ‘మాత్రమే’ నెగ్గదు. ‘పిల్లలకు మాత్రమే సైకిల్ ఉంది’ నిజమో కాదో తేలాలంటే ఊరంతా వెతకాలి. పదాల కూర్పులో కూడా ‘మాత్రమే’ డిటర్మినర్‌లా నడవదు కాబట్టి అది ఇబ్బంది కాదు, సాక్ష్యమే.

అయితే తెలుగు ‘ఎక్కువమంది’ మీద పైనున్న నిర్వచనం ఎప్పుడూ సరిగ్గా అతకదు. ముగ్గురు పోటీచేసిన ఎన్నిక ఊహించండి. 100 మంది ఓటేశారు. ఒకరికి 40, ఇంకొకరికి 35, మూడోవారికి 25. ‘ఎక్కువమంది మొదటివారికే వేశారు’ అంటే చాలామంది తలూపుతారు. ‘సగానికి పైగా మొదటివారికే వేశారు’ అంటే ఎవరూ ఒప్పుకోరు. మొదటి మాటలో 40ని పోల్చింది వెయ్యని 60తో కాదు, విడివిడిగా 35తోనూ 25తోనూ. అంటే పోలికలోకి A, B కాక పోటీదారుల విభజన కూడా వచ్చింది. దాన్ని సందర్భం ఇస్తోంది, వాక్యంలో ఏ మాటా ఇవ్వట్లేదు. సైకిల్ వాక్యంలో ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని రెండే పక్షాలు కాబట్టి ఈ తేడా బయటపడలేదు. పక్షాలు మూడైతే బయటపడుతుంది. అప్పుడు ‘ఎక్కువమంది’ రెండు సమితుల సంబంధంగా మిగలదు, దానికి మూడో గది కావాలి.